డ్యాష్‌బోర్డులో 124 డాలర్లు, బ్యాంకులో సున్నా

యూట్యూబ్ ఛానెల్ మీద ఆదాయం మొదలైన కొత్తలో చాలామందికి ఎదురయ్యే అనుభవం ఒకటుంది. యూట్యూబ్ స్టూడియోలో ఈ నెల 124 డాలర్లు వచ్చినట్టు కనిపిస్తుంది. వంద దాటితే డబ్బు పంపుతారని ముందే తెలుసు కాబట్టి తర్వాతి నెల ఇరవై ఒకటో తేదీ నుంచి బ్యాంకు మెసేజ్ కోసం ఎదురుచూపులు మొదలవుతాయి. నెలాఖరు వచ్చినా ఏమీ రాదు. లేదా రెండు నెలల సొమ్ము కలిపి వస్తుంది, కాని స్టూడియో అంకెలతో పొంతన కుదరదు. అప్పుడు మొదలవుతాయి ఊహలు: యూట్యూబ్ తన వాటా మళ్లీ కోసిందని కొందరు, బ్యాంకు తినేసిందని కొందరు.

వాటా సంగతి ముందు తేల్చేద్దాం. మామూలు వీడియోల పేజీలో వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం, షార్ట్స్‌కు కేటాయించే ఆదాయంలో 45 శాతం సృష్టికర్తకు చెందుతుంది. స్టూడియోలో మీ రాబడిగా చూపించే అంకె యూట్యూబ్ వాటా తీసేశాక మిగిలినదే. దాన్ని మళ్లీ సగానికి కోయరు. కాబట్టి తేడాకు కారణం వేరేచోట వెతకాలి. ఎక్కువ సందర్భాల్లో అది రెండుచోట్ల దొరుకుతుంది: అమెరికా పన్ను కోత, వంద డాలర్ల కనీస పరిమితి. ఈ రెండూ విడివిడిగా పెద్ద చిక్కులేం కావు. ఒకదాని మీద ఒకటి పడినప్పుడే నెల తప్పుతుంది.

లెక్క కోసం ఒక ఛానెల్‌ను ఊహించుకుందాం. రాజమండ్రిలో ఒకావిడ గోదావరి జిల్లాల వంటల వీడియోలు పెడుతుంది. చూసేవాళ్లలో నూటికి తొంభైమంది ఇక్కడివాళ్లే. కాని డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్లు పులస పులుసు, పనసపొట్టు కూర అని వెతుక్కుని చూస్తారు. అమెరికాలో ప్రకటనల ధర మన దగ్గరకంటే చాలా ఎక్కువ కాబట్టి, వీక్షణల్లో పదోవంతు కూడా లేని ఆ ప్రేక్షకులు ఆదాయంలో మూడోవంతుకు పైగా తెచ్చిపెట్టవచ్చు. తెలుగు ఛానెళ్లకు ఈ పన్ను గొడవ ఇంతగా తగలడానికి కారణం ఇదే.

ఆవిడకు జులైలో స్టూడియో చూపించిన అంచనా 124.60 డాలర్లు. ఇక్కడ 'అంచనా' అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. నెల ముగిశాక చెల్లని క్లిక్కులు, వేరేవాళ్ల హక్కుల క్లెయిములు వంటివి సరిచూసి తుది అంకె తేలుస్తారు. ఆ తుది అంకె తర్వాతి నెల 7 నుంచి 12 తేదీల మధ్య 'యాడ్‌సెన్స్ ఫర్ యూట్యూబ్' ఖాతాలో జమ అవుతుంది. మన ఛానెల్‌కు ఆగస్టులో జమ అయినది 121 డాలర్లు. మూడున్నర డాలర్ల తేడా మామూలే, బెంగపడాల్సిన పని లేదు. కాని అదే చోట, అదే రోజుల్లో ఇంకో వరుస కనిపించింది: పన్ను కోత, మైనస్ 29.04 డాలర్లు. నిల్వ 91.96కు పడిపోయింది. కనీస పరిమితి వంద. అంతే, ఆగస్టు చెల్లింపు లేదు.

ఆ వరుస స్టూడియోలో ఎక్కడా కనిపించదు. స్టూడియో రాబడిని చూపిస్తుంది గాని పన్నును చూపించదు. పన్ను వరుస చూడాలంటే యాడ్‌సెన్స్‌లోకి వెళ్లి, చెల్లింపుల పేజీలో లావాదేవీల జాబితా తెరవాలి. డబ్బు తక్కువైందని అనిపించిన ప్రతిసారీ మొదట చూడాల్సింది ఆ జాబితానే. సగం మంది స్టూడియోనే మళ్లీ మళ్లీ రిఫ్రెష్ చేస్తూ కూర్చుంటారు.

ఇంతకీ ఆ 29.04 ఎలా వచ్చింది? 121లో సరిగ్గా 24 శాతం. అమెరికాలో ఉన్న ప్రేక్షకుల వల్ల వచ్చే రాబడిని అక్కడి చట్టం అమెరికాలో పుట్టిన ఆదాయంగా చూస్తుంది. ఛానెల్ రాజమండ్రిలో ఉందా, రాజాంలో ఉందా అన్నది దానికి పట్టదు, చూసేవాడు ఎక్కడున్నాడన్నదే లెక్క. ఆ ఆదాయం విదేశీయుడికి పంపేటప్పుడు పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత గూగుల్ మీద ఉంది. 2021 నుంచి ఇది యూట్యూబ్ సృష్టికర్తలందరికీ అమల్లోకి వచ్చింది. పన్ను సమాచారం ఇచ్చినవాళ్లకు అమెరికా ప్రేక్షకుల భాగం మీదే కోత పడుతుంది. ఇవ్వనివాళ్ల విషయంలో, ఖాతా వ్యక్తి పేరు మీద ఉంటే, ప్రపంచం మొత్తం మీద వచ్చిన రాబడిలో 24 శాతం దాకా పట్టుకుంటారు. వ్యాపార ఖాతాకు పద్ధతి వేరు, అక్కడ అమెరికా భాగం మీద 30 శాతం.

అంటే ఒక్క అమెరికన్ ప్రేక్షకుడు కూడా లేని ఛానెల్ అయినా, ఫారం ఇవ్వకపోతే తన ఆదాయంలో దాదాపు నాలుగోవంతు పోగొట్టుకోవచ్చు. 'మావాళ్లంతా ఊళ్లోవాళ్లే, మాకెందుకు అమెరికా ఫారం' అనుకునేవాళ్లకే నష్టం ఎక్కువ. వాళ్లు ఫారం ఇస్తే కోత సున్నా.

మన రాజమండ్రి ఛానెల్‌కు వస్తే, జులైలో అమెరికా భాగం 46 డాలర్లనుకుందాం. ఈ అంకె మీకూ దొరుకుతుంది. స్టూడియోలో అనలిటిక్స్ తెరిచి, అడ్వాన్స్‌డ్ మోడ్‌లో భౌగోళిక విభాగం ఎంచుకుని, వీక్షణల బదులు రాబడి అడిగితే దేశాలవారీగా వస్తుంది. భారత్, అమెరికా మధ్య పన్ను ఒప్పందం ఉంది. దాని 12వ అధికరణం కింద ఈ రకం ఆదాయం మీద పన్ను 15 శాతం. ఆవిడ సరైన ఫారం ముందే ఇచ్చి ఉంటే 46 మీద 15 శాతం, అంటే 6.90 డాలర్లు పోయేది. నిల్వ 114.10 ఉండేది. వంద దాటేది, ఆగస్టులోనే డబ్బు వచ్చేది. ఫారం ఇచ్చి ఒప్పందం సంగతి రాయకుండా వదిలేసినా 46 మీద 30 శాతం, 13.80 పోయి 107.20 మిగిలేది. అప్పుడూ వచ్చేది. ఏ ఫారమూ లేనందువల్లే పోయింది.

పరిమితిని స్టూడియో అంకెతో పోల్చరు, తుది అంకెతోనూ పోల్చరు. పన్ను పోగా ఖాతాలో నిలిచిన నిల్వతో పోలుస్తారు. నెలకు ఎనభై నుంచి నూట ముప్పై డాలర్ల మధ్య తిరిగే చిన్న ఛానెళ్లకు పన్ను శాతం మారితే, డబ్బు వచ్చే నెల కూడా మారిపోతుంది.

వంద తప్పితే ఆ సొమ్ము ఎక్కడికీ పోదు. తర్వాతి నెల జమకు కలుస్తుంది, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టరు. ఈ పరిమితిని మీరు పెంచుకోవచ్చు గాని తగ్గించుకోలేరు. కొందరు బ్యాంకు ఖర్చులు తగ్గుతాయని కావాలనే పెంచుకుంటారు, ఆ సంగతి తర్వాత. ఛానెల్‌తో పాటు సొంత వెబ్‌సైట్ కూడా నడిపేవాళ్లు గమనించాల్సినది ఒకటుంది. 2022 నుంచి యూట్యూబ్ ఆదాయానికి వేరే చెల్లింపు ఖాతా, వెబ్‌సైట్ ప్రకటనలకు వేరే ఖాతా. వంద డాలర్ల పరిమితి దేనికదే. అటు 60, ఇటు 70 ఉంటే రెండూ ఆగిపోతాయి. ఒకప్పుడు కలిపి వచ్చేవి కాబట్టి పాత అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడ తికమక పడతారు.

ఇక ఫారం. దాని పేరు `W-8BEN`. యాడ్‌సెన్స్ చెల్లింపుల సెట్టింగుల్లో అమెరికా పన్ను సమాచారం దగ్గర `Manage tax info` నొక్కితే మొదలవుతుంది. పేజీలు నాలుగైదు ఉన్నా నిజంగా తప్పులు జరిగేవి కొన్ని చోట్లే.

మొదటిది పేరు. మనవాళ్ల పేర్లతో ఇది ఎప్పుడూ తలనొప్పే. ఛానెల్ ఖాతాలో 'వి. లక్ష్మి', పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా విప్పి మూడు ముక్కలుగా, బ్యాంకులో ఇంటిపేరు చివర. ఫారంలో పాన్ కార్డు మీద ఉన్నట్టే రాయండి, యాడ్‌సెన్స్ ఖాతాదారు పేరును కూడా దానికి సరిపడేలా ముందే మార్పించుకోండి. ఛానెల్ భార్య పేరున ఉండి బ్యాంకు ఖాతా భర్త పేరున ఉంటే పన్ను ఫారం ఆమోదం పొందినా డబ్బు వెనక్కి వెళ్లే ప్రమాదం ఉంది. ఎవరి పేరున రాబడి ఉందో వాళ్ల పేరునే బ్యాంకు ఖాతా ఉండాలి.

రెండోది పన్ను గుర్తింపు సంఖ్య. అమెరికా సంఖ్య అవసరం లేదు. విదేశీ పన్ను సంఖ్య అడిగిన గడిలో మీ పాన్ నంబరు రాయాలి. ఈ గడి ఖాళీగా వదిలితే ఒప్పందం కింద తక్కువ శాతం దక్కదు.

మూడోది, అసలైనది. ఒప్పందం కింద తక్కువ పన్ను కోరుకుంటున్నారా అని అడుగుతారు. అవును అనాలి, దేశం భారత్ అని ఎంచుకోవాలి. తర్వాత ఆదాయాన్ని మూడు రకాలుగా చూపిస్తారు: `Services`, `Motion Picture & TV royalties`, `Other Copyright royalties`. చాలామంది 'నేను చేసేది సర్వీసే కదా' అనుకుని మొదటిదాని మీద మాత్రమే టిక్ పెట్టి బయటికి వచ్చేస్తారు. అది వెబ్‌సైట్ ప్రకటనల వంటివాటికి. యూట్యూబ్ వీడియోల రాబడిని కాపీరైట్ రాయల్టీగా చూస్తారు. కాబట్టి మూడో రకానికి ఒప్పందం కోరకపోతే ఫారం ఆమోదం పొందినా కోత 30 శాతమే ఉంటుంది. మూడింటికీ కోరుకోవచ్చు, అదే నయం.

తర్వాత అమెరికాలో ఉండి ఏమైనా పని చేస్తున్నారా అని అడుగుతారు. రాజమండ్రి వంటింట్లో తీసిన వీడియోకు జవాబు 'లేదు' అనే. అక్కడే కొన్నాళ్లు ఉండి వీడియోలు తీసేవాళ్ల సంగతి వేరు. వాళ్లు పన్ను సలహాదారును అడిగే నింపాలి. చివర్లో ఒక ధ్రువీకరణ వస్తుంది: ఇది కొత్త ఖాతానా, లేక ఇంతకుముందే చెల్లింపులు అందుకున్నదా, అందుకుని ఉంటే మీ పరిస్థితి అప్పటినుంచీ ఇదేనా అని. హడావుడిలో దీన్ని చదవకుండా దాటేస్తే తర్వాత డబ్బు వెనక్కి రావడం కష్టమవుతుంది. అది ఎందుకో కింద చెబుతాను.

ఫారం ఆమోదం పొందిందని తెలియగానే సంతోషించి వదిలేయకండి. అదే పేజీలో మూడు రకాల ఆదాయానికీ ఎంతెంత శాతమో చూపిస్తుంది. కాపీరైట్ రాయల్టీ పక్కన 15 ఉందా 30 ఉందా అన్నది చూడండి. 30 కనిపిస్తే ఒప్పందం ఎక్కడో తప్పిపోయినట్టే, మళ్లీ కొత్త ఫారం ఇవ్వాలి. ఇంకో సంగతి, ఈ ఫారం శాశ్వతం కాదు. సాధారణంగా సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో ఏడాది చివరి రోజు దాకా చెల్లుతుంది. మూడేళ్లుగా బాగా నడిచిన ఛానెల్‌కు ఉన్నట్టుండి జనవరి నుంచి కోత పెరిగితే, మొదట అనుమానించాల్సింది ఈ గడువునే. గూగుల్ ముందే ఈమెయిల్ పంపుతుంది, అది ప్రచార మెయిళ్ల గుట్టలో పడిపోతుంది.

మళ్లీ మన లెక్కలోకి. ఆవిడ ఆగస్టు మధ్యలో ఫారం సరిగ్గా నింపి ఇచ్చింది. ఆగస్టు రాబడి 96 డాలర్లు, అందులో అమెరికా భాగం 40. కోత 6 డాలర్లు. సెప్టెంబరు 7–12 మధ్య 90 డాలర్లు జమ అయి, పాత 91.96తో కలిసి 181.96 అయింది. పరిమితి దాటింది, చెల్లింపును నిలిపివేసే ఇతర కారణాలేవీ ఇరవయ్యో తేదీకి మిగిలిలేవు. సెప్టెంబరు 21–26 మధ్య సొమ్ము బయలుదేరింది. ఇతర కారణాలంటే చిరునామా ధ్రువీకరణ వంటివి. నిల్వ పది డాలర్లు దాటాక పోస్టులో పిన్ ఉన్న ఉత్తరం వస్తుంది, అది నమోదు చేయకపోయినా చెల్లింపు ఆగిపోతుంది. అయితే అది పన్ను చిక్కు కాదు. పేజీ పైభాగంలో ఎర్రటి హెచ్చరికగా కనిపిస్తుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక.

జులైలో ఎక్కువగా పోయిన సొమ్ము సంగతేమిటి? 29.04 పట్టుకున్నారు, పట్టుకోవాల్సింది 6.90. తేడా 22.14 డాలర్లు. అదే ఏడాది లోపల సరైన ఫారం, దానితోపాటు 'నా పరిస్థితి ముందునుంచీ ఇదే' అన్న ధ్రువీకరణ ఇస్తే, గూగుల్ ఆ తేడాను తర్వాతి చెల్లింపుల్లో తిరిగి జమ చేయగలదు. ఇక్కడ ఏడాది అంటే జనవరి నుంచి డిసెంబరు, మన ఆర్థిక సంవత్సరం కాదు. డిసెంబరు దాటితే గూగుల్ దగ్గర ఆ డబ్బు ఉండదు, అమెరికా పన్ను శాఖకు చేరిపోతుంది. అప్పుడు వాళ్ల దగ్గర రిటర్ను వేసి అడగాలి. ఇరవై రెండు డాలర్ల కోసం ఆ పని ఎవరూ చేయరు, చేయించుకుంటే అంతకంటే ఎక్కువ ఖర్చు. అందుకే నవంబరులోనే ఫారం పని తేల్చుకోండి, డిసెంబరు చివరి వారానికి పెట్టుకోవద్దు.

బ్యాంకు భాగం త్వరగా చెప్పేస్తాను. 181.96 డాలర్లుగా వైరు బదిలీలో వస్తాయి, రూపాయల్లోకి మార్చేది మీ బ్యాంకు. ఇంటర్నెట్‌లో డాలరు 88 అని కనిపించిన రోజున బ్యాంకు కొనుగోలు రేటు 87 కావచ్చు. ఆ లెక్కన 16,012 బదులు 15,830 చేతికొస్తుంది. మార్పిడి మీద జీఎస్టీ ఉంటుంది, ఈ స్థాయి మొత్తానికి కనీస పన్ను 45 రూపాయలు. బ్యాంకును బట్టి విదేశీ సొమ్ము రుసుము వేరే ఉండొచ్చు, దారిలో మధ్యవర్తి బ్యాంకు కొన్ని డాలర్లు తీసుకోవచ్చు. ప్రతి బదిలీకీ పడే ఇలాంటి స్థిరమైన ఖర్చులు మీ బ్యాంకులో ఎక్కువైతే, యాడ్‌సెన్స్‌లో పరిమితిని మూడు వందలకో నాలుగు వందలకో పెంచుకుని తక్కువసార్లు తెప్పించుకోవడం లాభం. డబ్బు ప్రతినెలా అవసరమైనవాళ్లకు ఈ సలహా పనికిరాదు. ఏమైనా, విదేశీ సొమ్ము అందినట్టు బ్యాంకు ఇచ్చే అడ్వైజ్ కాగితం ప్రతిసారీ తీసి పెట్టుకోండి.

ఆ కాగితం మన ఆదాయపు పన్ను రిటర్నుకు కావాలి. ఇక్కడ ఒక పొరపాటు మామూలుగా జరుగుతుంది: బ్యాంకులో పడినదే ఆదాయమని చూపిస్తారు. భారత్‌లో నివసించేవాళ్లు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా, కోతకు ముందు మొత్తాన్ని చూపించాలి. రాజమండ్రి ఛానెల్ ఆ రెండు నెలలకు చూపాల్సింది 217 డాలర్లకు సమానమైన రూపాయలు. అమెరికాకు కట్టిన పన్ను 12.90 డాలర్లను (6.90, 6 కలిపి) ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోవచ్చు. 1961 చట్టం కింద దానికి ఫారం 67 దాఖలు చేయాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లో ఉంది కాబట్టి, ఆ తర్వాతి ఆదాయానికి ఏ నంబరు ఫారమో ఆడిటరును అడిగి వేయండి. పన్ను పట్టుకున్నట్టు రుజువుగా గూగుల్ మరుసటి ఏడాది మొదట్లో ఇచ్చే `1042-S` పత్రం ఉంటుంది, అదే పన్ను సమాచారం పేజీలో దొరుకుతుంది. అది క్యాలెండర్ ఏడాదికి ఇస్తారు, మన రిటర్ను ఏప్రిల్ నుంచి మార్చికి. అందుకని నెలవారీ లావాదేవీల జాబితాను కూడా దించి ఉంచుకుంటేనే ఆడిటరు రెండింటినీ జతచేయగలడు.

ఈ తగ్గింపుకు రెండు హద్దులున్నాయి. ఒకటి, ఒప్పందం ప్రకారం పట్టాల్సిన 15 శాతం వరకే ఇక్కడ లెక్కలోకి తీసుకుంటారు. ఫారం ఇవ్వక 24 శాతం పోగొట్టుకుంటే ఆ అదనపు భాగాన్ని మన ప్రభుత్వం భరించదు. రెండు, ఆ ఆదాయం మీద ఇక్కడ పడే పన్నుకు మించి తగ్గించుకోలేరు. ఛానెల్ మీద ఏడాదికి రెండు మూడు లక్షలు మాత్రమే వచ్చి, వేరే ఆదాయం లేక, ఇక్కడ పన్నే పడనివాళ్లకు తగ్గించుకోవడానికి ఏమీ ఉండదు. అమెరికాలో పోయిన ఆ 15 శాతం వాళ్లకు తిరిగి రాదు. అలాంటివాళ్లు ఛానెల్ ఆదాయాన్ని అంచనా వేసుకునేటప్పుడు ఆ భాగాన్ని ముందే తీసేసి లెక్క వేసుకోవాలి.